నెలసరి ఆగే మామూలు వయసు ఎంత? అన్నానికీ కాన్పులకూ దానితో ఏం సంబంధం?

"మాది కావలి దగ్గర పల్లె. నాకు 43. ఏడాదిగా డేట్ ముందూ వెనకా అవుతోంది, ఈసారి మూడు నెలలకు వచ్చింది. మా అమ్మకు 38కే ఆగిపోయింది. మా అత్తకు ఏడుగురు పిల్లలు, ఆమెకు 52 దాకా వచ్చిందంట. అన్నం తినేవాళ్లకు తొందరగా ఆగిపోతుందని ఒక వీడియోలో చెప్పారు. అసలు మామూలు వయసు ఎంత? నాకు ఇద్దరే పిల్లలు, 23కే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయింది, అందుకేనా ఇట్టా? అన్నం మానేస్తే ఇంకొన్నాళ్లు వస్తుందా?"

అమ్మా, ముందు ఒక మాట. మీకు ఇంకా ఆగిపోలేదు. వరసగా పన్నెండు నెలలు ఒక్కసారి కూడా రాకపోతేనే, అదీ గర్భం, మందులు, వేరే జబ్బు లాంటి కారణం లేకుండా రాకపోతేనే, ఆగిపోయినట్టు లెక్క. అంటే ఆ రోజు ఏదో వెనక్కి తిరిగి చూసుకుని చెప్పాల్సిందే తప్ప ముందుగా ఎవరూ చెప్పలేరు. పదకొండో నెలలో ఒకసారి కనిపించిందంటే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. మీరున్నది దానికి ముందు దశలో అయి ఉండొచ్చు. ఆ దశ సగటున నాలుగేళ్ల దాకా సాగుతుంది, కొందరికి రెండేళ్లు, కొందరికి ఏడెనిమిదేళ్లు. 43లో మొదలవడం వింతేమీ కాదు. 40 లోపు పూర్తిగా ఆగిపోతే అకాలం అంటాం, 40 నుంచి 45 లోపు ఆగితే తొందరగా ఆగినట్టు, 45 దాటాక ఎప్పుడు ఆగినా మామూలే.

మీరు రాసినదాంట్లో నాకు పట్టి చూడాలనిపించింది అన్నం సంగతి కాదు, మీ అమ్మగారి 38. నేను ఒంగోలులో 26 ఏళ్లుగా ఆడవాళ్ల జబ్బులు చూస్తున్నాను. "మా అమ్మకు కూడా చిన్న వయసులోనే ఆగింది" అనే మాట వారానికి రెండు మూడుసార్లు వింటాను. విన్న ప్రతిసారీ ఒకటే అడుగుతాను: ఆగిందా, ఆపించారా?

కనిగిరి వైపు నుంచి ఒకామె వచ్చింది, 41 ఏళ్లు. ఆర్నెల్లుగా నెలసరి గతి తప్పింది, భయపడి తల్లిని కూడా వెంటబెట్టుకొచ్చింది. "మా అమ్మకు 36కే ఆగిపోయింది మేడమ్, నాకూ అంతేనా" అంది. పక్కనే కూర్చున్న పెద్దామె తల ఊపింది. ఎట్టా ఆగిందమ్మా, మెల్లగా దూరం దూరంగా వచ్చి ఆగిందా, ఒక్కసారే ఆగిందా అన్నాను. "ఒక్కసారే. తెల్లబట్ట బాగా అవుతోందని చూపిస్తే, సంచిలో పుండు ఉంది, తీయకపోతే క్యాన్సర్ అవుతుందన్నారు. తీసేశారు." కూతురు అవాక్కైపోయింది. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ విప్పి చెప్పుకోలేదు. "అమ్మకు ఆగిపోయింది" అనే అనుకున్నారు. పొట్ట చూస్తే కింద అడ్డంగా కుట్టు స్పష్టంగానే ఉంది. కాగితాలు లేవు, అండాశయాలు ఉంచారో తీశారో ఆమెకు తెలియదు. ఎక్కడ చేశారో ఇక్కడ రాయను, అనవసరం. కానీ ఆ తల్లి 36 కూతురి విషయంలో దేనికీ పనికిరాని అంకె, ఎందుకంటే అండాశయాల గడియారం ఎప్పుడు ఆగేదో చూడకుండానే సంచి తీసేశారు.

ఇది మన దగ్గర అరుదైన కథ కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3.3 మంది అయితే, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 8.7 మంది. అందరిలోకీ మనమే ముందు. తెల్లబట్టకు, నడుం నొప్పికి, కాస్త ఎక్కువ బ్లీడింగ్‌కు కూడా సంచి తీసే రోజులు మన తల్లుల తరం చూసింది. అందుకని మీరు చేయాల్సిన మొదటి పని ఇంటికెళ్లి మీ అమ్మగారిని అడగడం. సహజంగానే 38కి ఆగి ఉంటే అది పట్టించుకోవాల్సిన విషయం. నెలసరి ఎప్పుడు ఆగుతుందనేదాంట్లో దాదాపు సగం పాత్ర వంశానిదే. తల్లికీ అక్కకూ తొందరగా ఆగితే మనకూ తొందరగా ఆగే అవకాశం బాగా పెరుగుతుంది. ఆపరేషన్ అయి ఉంటే మాత్రం ఆ అంకెను మనసులోంచి తీసేయండి. అమ్మమ్మ, మీ అమ్మ చెల్లెళ్లు, మీ సొంత అక్కల సంగతి అడగండి.

ఇంకో మెలిక కూడా ఉంది. సంచి తీసి అండాశయాలు ఉంచినా వాటి ఆయుష్షు కొంత తగ్గుతుంది. ఇలాంటివాళ్లను ఏళ్ల తరబడి వెంబడించి చూసిన పరిశోధనల్లో, ఆపరేషన్ కానివాళ్ల కంటే వీళ్లకు అండాశయాలు సుమారు రెండేళ్లు ముందే ఆగాయని ఒకదాంట్లో, మూడున్నర ఏళ్ల పైనే ముందు ఆగాయని ఇంకోదాంట్లో తేలింది. కనుక "అండాశయాలు ఉంచాంలే, ఏం కాదు" అనే మాట పూర్తి నిజం కాదు. మీ 23లో అయింది ఇది కాదు, ట్యూబులు కట్టింది. అందులో అండాశయాల జోలికి పోరు. దాన్ని అనుమానించకండి.

ఇక మామూలు వయసు ఎంత అనేది. ప్రపంచం నలుమూలల పరిశోధనలన్నీ కలిపి 2014లో లెక్కగట్టినప్పుడు సగటు 48.8 వచ్చింది. యూరప్, ఆస్ట్రేలియా వాళ్లది 50.5 నుంచి 51 దాకా. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా, మధ్యప్రాచ్యం వాళ్లది 47, 48 మధ్య. మన దేశంలో చేసిన సర్వేల్లో ఎక్కువగా 46 నుంచి 48 మధ్య కనిపిస్తుంది, చాలామంది నోట వినిపించే అంకె 46. ఇక్కడే జనం "అమెరికా వాళ్లకు 51, మనకు 46, మన ఆడవాళ్లలో ఏదో లోపం ఉంది" అని తేల్చేస్తారు. ఆ తేడాలో కొంత నిజమే. కానీ కొంత మాత్రం లెక్క వేసే తీరులోంచి పుట్టింది, అది ఎట్టాగో ఒక్కసారి చూపిస్తాను, ఇది తెలిస్తే ఇలాంటి వీడియోలకు సగం భయపడరు.

ఒక వీధిలో పదిమంది ఆడవాళ్లున్నారనుకోండి. వాళ్లకు సహజంగా ఆగబోయే వయసులు 43, 45, 46, 47, 48, 49, 50, 51, 52, 53. కూడి పదితో భాగిస్తే అసలు సగటు 48.4. ఇప్పుడు సర్వే చేసే అమ్మాయి వచ్చింది. అప్పటికి ఈ పదిమందికీ 49వ ఏడు నడుస్తోంది, మొదటి ఐదుగురికే ఆగింది, మిగతా ఐదుగురికి ఇంకా వస్తోంది. ఆగినవాళ్లను మాత్రమే "ఎప్పుడు ఆగింది" అని అడిగి సగటు తీస్తే 45.8 వస్తుంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు, అయినా రెండున్నరేళ్లు మాయమయ్యాయి, ఎందుకంటే ఆలస్యంగా ఆగబోయేవాళ్లు లెక్కలోకే రాలేదు. కుటుంబ ఆరోగ్య సర్వే ఆడవాళ్లను 15 నుంచి 49 ఏళ్ల దాకానే అడుగుతుంది కనుక, అందులోంచి ఇలా సగటు తీసేవాళ్లకు ఈ గొయ్యి ఎప్పుడూ ఉంటుంది. ఇంకా ఉంది. ఆలస్యంగా ఆగబోయేవాళ్లలో ఇద్దరికి 35లో, 37లో సంచి తీసేశారనుకోండి, "నెలసరి రావట్లేదు" అన్నవాళ్లందరినీ ఒకే గంపలో వేస్తే సగటు 43కి పడిపోతుంది. అదే వీధి, అవే అండాశయాలు. 48.4 కాస్తా 43 అయింది.

దీనికి తోడు జ్ఞాపకం. అరవై దాటినామెను అడిగితే "నలభై అయిదో, యాభయ్యో" అంటుంది, మధ్య అంకెలు చెప్పేవాళ్లు తక్కువ. మన పెద్దవాళ్లకు పుట్టిన తేదీయే సరిగ్గా తెలియదాయె, ఆధార్‌లో ఉన్నది ఎవరో వేసిన అంచనా. అందుకే జాగ్రత్తగా చేసేవాళ్లు ఎప్పుడు ఆగిందని అడగరు, "ఇప్పుడు వస్తోందా, లేదా" అని మాత్రమే అడుగుతారు, ఏ వయసుకు సగం మందికి ఆగిందో చూస్తారు, సంచి తీయించుకున్నవాళ్లను విడిగా పెడతారు. మన వీధిలో అలా చూస్తే సగం మందికి ఆగే వయసు 48, 49 మధ్య తేలుతుంది. కనుక "మన తెలుగువాళ్లకు సగటు ఇంత" అని ఎవరైనా అంకె చెబితే రెండు ప్రశ్నలు వేయండి: ఆపరేషన్ వాళ్లను కలిపారా, ఇంకా వస్తున్నవాళ్లను వదిలేశారా.

ఇవన్నీ తీసేసినా మనకు పడమటి దేశాలవాళ్ల కంటే ముందుగానే ఆగుతుంది, రెండు మూడేళ్ల తేడా నిజంగానే మిగులుతుంది. దానికి అన్నమే కారణమా?

మీరు చూసిన వీడియోకు మూలం నాకు తెలుసు. ఇంగ్లండ్‌లోని లీడ్స్ యూనివర్సిటీ వాళ్లు 2018లో వేసిన పరిశోధన. 35 వేల మంది బ్రిటిష్ ఆడవాళ్ల తిండి వివరాలు రాసుకుని, నాలుగేళ్ల తర్వాత మళ్లీ అడిగారు. ఆ మధ్యలో సహజంగా ఆగినవాళ్లు 914 మంది, వాళ్ల సగటు 51. అందులో రోజుకు ఒక వంతు, అంటే ఒకసారి వడ్డించుకునేంత, పాస్తా లేదా తెల్లన్నం ఎక్కువ తినేవాళ్లకు ఏడాదిన్నర ముందు ఆగిందనీ, కొవ్వు చేపలు రోజుకు ఒక వంతు ఎక్కువ తినేవాళ్లకు మూడేళ్ల పైచిలుకు ఆలస్యమైందనీ, పచ్చి బఠాణీ, చిక్కుళ్ల లాంటివి తినేవాళ్లకు ఏడాదికి కాస్త తక్కువ ఆలస్యమైందనీ తేలింది. పత్రికలు పండగ చేసుకున్నాయి.

ఇప్పుడు ఆ లెక్కను మన కంచంలోకి తెచ్చుకుందాం. మనం రోజుకు ఎంత తక్కువన్నా నాలుగు వంతుల అన్నం తింటాం. నాలుగు ఒకటిన్నరలు ఆరు, 51లోంచి ఆరు తీస్తే 45. చూశారా, సరిగ్గా సరిపోయిందే అంటారు, నాకు ఇలాగే వేసి చూపించినవాళ్లు ఉన్నారు. మరి జపాన్ వాళ్లు? వాళ్లూ అన్నమే తింటారు, వాళ్లకు సగటు 50 దగ్గర. అదే లెక్కన మన నెల్లూరులో రోజూ రెండు పూటలా చేపల పులుసు పోసుకునే ఇంటి ఆడవాళ్లకు 57 దాకా రావాలి. రాదు. ఎందుకంటే ఇంగ్లండ్‌లో రోజూ కొవ్వు చేప కొనుక్కు తినే ఆమెకూ, పాస్తాతో కడుపు నింపుకునే ఆమెకూ మధ్య చేప ఒక్కటే తేడా కాదు. సంపాదన, చదువు, బరువు, పుట్టి పెరిగిన తీరు అన్నీ తేడాయే. లెక్కల్లో కొన్నింటిని సరిచేయొచ్చు, అన్నింటినీ కాదు. పైగా ఆ పరిశోధన చేసినవాళ్లే దీన్ని కారణం అనలేదు, సంబంధం కనిపించిందనే అన్నారు.

అన్నం మానేయకండి. షుగర్ ఉంటే తగ్గించుకోండి, అది వేరే సంగతి. కానాగంతలు, కవళ్లు మన సముద్రం ఒడ్డున చవకగా దొరికేవే, తినండి, గుండెకు మంచిది. నెలసరి ఇంకొన్నాళ్లు వస్తుందని మాత్రం తినొద్దు.

అయితే తిండికి సంబంధమే లేదా అంటే, ఉంది. కానీ అది ఇప్పుడు 43లో కంచంలో ఏముందనేదాంట్లో కంటే, చిన్నప్పుడు ఆ కంచంలో ఏముండేదనేదాంట్లో ఎక్కువ కనిపిస్తుంది. ఆడపిల్ల తల్లి కడుపులో అయిదో నెలలో ఉన్నప్పుడు దాని అండాశయాల్లో అరవై డెబ్భై లక్షల గుడ్లు ఉంటాయి. పుట్టేసరికి పది ఇరవై లక్షలు. పెద్దమనిషయ్యేసరికి మూడు నాలుగు లక్షలు. ఇక కొత్తవి పుట్టవు, తరుగుతూ పోవడమే, దాదాపు వెయ్యి మిగిలేసరికి నెలసరి ఆగిపోతుంది. అంటే ఈ బ్యాంకులో డబ్బు వేసేది మన అమ్మ కడుపులో ఉండగానే, ఆ తర్వాత అంతా ఖర్చే.

రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944–45 చలికాలంలో, జర్మన్లు దిగ్బంధం చేస్తే హాలండ్ పడమటి భాగంలో ఘోరమైన కరువు వచ్చింది. అప్పుడు రకరకాల వయసుల్లో ఉన్న ఆడవాళ్లను దశాబ్దాల తర్వాత అడిగి చూశారు. తీవ్రంగా ఆకలి పడ్డవాళ్లందరినీ కలిపి చూస్తే తేడా నాలుగైదు నెలలే. కానీ ఆ కరువులో రెండు నుంచి ఆరేళ్ల వయసులో ఉన్నవాళ్లకు మాత్రం దాదాపు 1.8 ఏళ్లు ముందు ఆగింది. కొన్ని నెలల ఆకలి, నలభై ఏళ్ల తర్వాత దాని గుర్తు. పాపువా న్యూగినీలో సరైన తిండి లేని ఊళ్ల ఆడవాళ్లకు 43.6కు, కాస్త బాగా తినే ఊళ్ల వాళ్లకు 47.3కు ఆగిందని చాలా ఏళ్ల కిందే రాశారు. అది పాతకాలపు లెక్క, నేనిందాక చెప్పిన గోతులన్నీ అందులోనూ ఉన్నాయి, అయినా పోయే దిక్కు ఒకటే.

నాకు అన్నిటికంటే నచ్చిన ఆధారం బంగ్లాదేశ్ వాళ్లది. సిల్హెట్ నుంచి లండన్ వలస పోయిన ఆడవాళ్ల రక్తంలో, అండాశయాల్లో మిగిలి ఉన్న నిల్వను సూచించే ఏఎంహెచ్ అనే హార్మోన్ చూశారు. సిల్హెట్‌లోనే పెరిగి, పెద్దయ్యాక లండన్ వెళ్లినవాళ్లకు, లండన్‌లోనే పెరిగినవాళ్ల కంటే నిల్వ తక్కువగా ఉంది. చిన్నతనం బంగ్లాదేశ్‌లో గడవడమే తేడాకు మూలంగా కనబడింది. అంటే జాతి, రక్తం కాదు, బాల్యం. తిండి ఒక్కటే అని కూడా అనలేం, మాటిమాటికీ వచ్చే విరేచనాలు, పురుగులు, జ్వరాలతో పోరాడటానికే ఒళ్లు ఖర్చయిపోవడం కూడా అందులో భాగమని ఆ పరిశోధకుల ఆలోచన. పొదిలి, కనిగిరి వైపు మెట్ట ఊళ్లలో మా అమ్మ తరం ఆడపిల్లలు వాన పడని ఏడు ఎట్టా గడిపారో, ఇంట్లో మగవాళ్లు తిన్నాక మిగిలింది ఏం తిన్నారో గుర్తుచేసుకుంటే నాకు ఆ రెండు మూడేళ్ల తేడా పెద్ద వింతగా అనిపించదు.

పెద్దయ్యాక తిండి తాలూకు ప్రభావం బరువులో కొంత కనిపిస్తుంది. పలు దేశాల పరిశోధనలు కలిపి 24 వేల మందిని చూసినప్పుడు, బాగా సన్నగా, బరువు తక్కువగా ఉన్నవాళ్లకు 45 లోపు ఆగే అవకాశం మామూలు బరువున్నవాళ్ల కంటే రెట్టింపు ఉంది. మీ బరువు, ఎత్తు రాయలేదు. 155 సెంటీమీటర్ల ఎత్తుకు 44 కిలోల లోపు ఉంటే అది బరువు తక్కువే. అన్నం మానేసి ఇంకా తగ్గితే మీరు అనుకున్నదానికి ఎదురు దిక్కున పోతున్నట్టు. ఇక తిండి కాకపోయినా నోట్లోకి పోయేదాంట్లో గట్టి సాక్ష్యం ఉన్నది పొగకు. పొగ తాగేవాళ్లకు ఏడాది నుంచి రెండేళ్లు ముందు ఆగుతుంది, దేశం ఏదైనా ఈ మాట మారదు. మన పెద్దమ్మలు కొందరు చుట్ట కాలుస్తారు కదా, వాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

ఇప్పుడు మీ అత్తగారి ఏడు కాన్పులు. కాన్పులు ఎక్కువైతే నెలసరి ఆలస్యంగా ఆగుతుందనే మాటలో నిజం ఉంది, కానీ మనవాళ్లు అనుకునే కారణం కాదు. "కడుపుతో ఉన్నన్నాళ్లు గుడ్డు విడుదల కాదు, ఆ గుడ్లన్నీ మిగిలిపోతాయి" అంటారు. లెక్కేద్దాం. ఒక కాన్పు, పాలివ్వడం కలిపి ఏడాదిన్నర నెలసరి రాకపోతే పద్దెనిమిది గుడ్లు మిగిలాయి. ఏడు కాన్పులకు 126. లక్షల్లో నిల్వ ఉన్నచోట 126 ఎంత? జీవితం మొత్తం మీద ఒక ఆడమనిషి విడుదల చేసేదే నాలుగైదు వందలు. మిగతా లక్షలన్నీ విడుదల కాకుండానే, నెలనెలా ఒక గుంపుగా పెరగడం మొదలుపెట్టి మధ్యలోనే చచ్చిపోతాయి. కాన్పుకు ఏదైనా శక్తి ఉంటే, ఈ గుంపులు లేవడాన్ని నెమ్మదింపజేయడంలో ఉండాలి, ఒక్కో గుడ్డును దాచడంలో కాదు.

అమెరికాలో లక్ష మందికి పైగా నర్సులను ఏళ్ల తరబడి గమనించిన పరిశోధన 2020లో వచ్చింది. ఆరు నెలలు దాటిన గర్భాలు మూడు ఉన్నవాళ్లకు, అసలు లేనివాళ్లతో పోలిస్తే, 45 లోపు ఆగే ముప్పు 22 శాతం తక్కువ. మొత్తం ఏడు నుంచి పన్నెండు నెలలు తల్లిపాలు మాత్రమే ఇచ్చినవాళ్లకు కూడా ముప్పు తగ్గింది, దాదాపు 28 శాతం. 22 శాతం అంటే భారీగా వినబడుతుంది. పిల్లలు లేని నూరుమందిలో పదిమందికి 45 లోపు ఆగుతుందనుకుంటే, ముగ్గురు పిల్లలున్న నూరుమందిలో ఎనిమిది మందికి ఆగుతుంది. అంతే తేడా. నార్వేలో మూడు లక్షల మంది లెక్క చూస్తే, ముగ్గురు పిల్లల దాకా సగటు మెల్లగా పెరిగి, అక్కడ ఆగిపోయింది. నాలుగు, అయిదు, ఏడు వల్ల అదనంగా ఏమీ రాలేదు. కనుక మీ అత్తగారికి ఏడు కాన్పుల వల్ల 52 వచ్చిందనుకుంటే, అందులో ఆఖరి నలుగురికి పాత్ర లేదు.

అసలు కథ తలకిందులుగా కూడా చూడాలి. ఆమెకు ఏడుగురు ఎందుకు పుట్టారు? ఆమె అండాశయాలు మొదటి నుంచీ గట్టివి కావడం వల్ల కావచ్చు. నిల్వ తక్కువ ఉన్నవాళ్లకు పిల్లలు పుట్టడమే కష్టమై ఒకరిద్దరితో ఆగిపోతారు, వాళ్లకే నెలసరీ ముందు ఆగుతుంది. అప్పుడు పిల్లలు తక్కువ కావడం కారణం కాదు, రెండింటికీ మూలం ఒకటే. మన దగ్గర మాత్రం ఇంకో చిక్కు ఉంది. 18కి పెళ్లి, 22కి ఇద్దరు, 23కి ఆపరేషన్. మీకు ఇద్దరే ఉండటం మీ అండాశయాల సంగతి ఏమీ చెప్పదు, ఆపరేషన్ సంగతి మాత్రమే చెబుతుంది. యూరప్ పరిశోధనల్లో "పిల్లలు తక్కువ" అనే గడిలో ఉన్న ఆడమనిషీ మీరూ ఒకటి కాదు. రెండు కాన్పులున్నవాళ్లకు ఆ నర్సుల లెక్కలో కొంత లాభమే కనిపించింది కూడా. అందుకని ఇద్దరితో ఆపడం వల్లే ఇట్టా అవుతోందని బాధపడకండి.

ఇక మీరు ఇప్పుడు చేయాల్సింది. మూడు నెలలు రాలేదంటే ముందు గర్భ పరీక్ష, నవ్వకండి, ట్యూబులు కట్టినా అరుదుగా గర్భం వస్తుంది, నేను చూశాను. తర్వాత థైరాయిడ్, అది గతి తప్పితే నెలసరీ గతి తప్పుతుంది, మన ప్రాంతంలో 40 దాటినవాళ్లలో ఇది మామూలుగా తగిలేదే. పాలు పట్టించే హార్మోన్ ప్రొలాక్టిన్ కూడా ఒకసారి చూపించుకోండి. ఒంట్లో వేడి ఆవిర్లు, రాత్రి చెమటలు ఉన్నాయా లేదా మీరు రాయలేదు. ఉంటే మీ వయసులో, అండాశయాలను పనిచేయించే హార్మోన్ ఎఫ్ఎస్‌హెచ్ పరీక్షకు అర్థం ఉంది, కానీ ఒకసారి చేసి "అయిపోయింది" అనేవాళ్లను నమ్మొద్దు, ఈ దశలో అది ఈ నెల ఆకాశంలో, వచ్చే నెల నేల మీద ఉంటుంది. నాలుగు నుంచి ఆరు వారాల తేడాతో రెండోసారి చూడాలి. ఇంకో మాట, ఏఎంహెచ్ పరీక్ష చేసి "మీకు ఫలానా ఏడాదికి ఆగుతుంది" అని చెప్పేవాళ్లకు డబ్బు పోయకండి, అంత కచ్చితంగా అది చెప్పలేదు.

నిజంగానే 45 లోపు ఆగితే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు, ఈస్ట్రోజెన్ ముందే పోవడంతో ఎముకలు, గుండె దెబ్బతింటాయి. వద్దనే కారణం ఏదీ లేకపోతే మామూలు వయసు దాకా, అంటే 50 చుట్టుపక్కల దాకా, హార్మోన్ మాత్రలు ఇస్తాం. దూరం దూరంగా రావడం మామూలే, కానీ గడ్డలు గడ్డలుగా వారం దాటి పోవడం, మధ్యమధ్యలో కనబడటం, పన్నెండు నెలలు ఆగాక మళ్లీ కనబడటం, ఈ మూడూ "ఆగిపోయే ముందు ఇట్టానే ఉంటుందిలే" అని ఊరుకునేవి కావు. స్కానింగ్, అవసరమైతే లోపలి పొర ముక్క తీసి పరీక్ష. అప్పుడు కూడా ఎవరైనా మొదటి రోజే "ఎట్టాగూ ఆగిపోయేదే కదా, సంచి తీసేద్దాం" అంటే, ఆ ముక్క రిపోర్టు చేతికొచ్చేదాకా సంతకం పెట్టకుండా ఇంకో డాక్టరుకు చూపించండి.

మీ అమ్మగారిని అడిగేటప్పుడు "ఆపరేషన్ అయిందా" అని అడిగితే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అనుకుని అవునంటారు, తికమక అవుతుంది. "సంచి తీశారా" అని అడగండి. గుర్తులేదంటే కుట్టు సంగతి అడగండి, పొట్ట కింద అడ్డంగానో నిలువుగానో జానెడు కుట్టు ఉందా, బొడ్డు దగ్గర చిన్నదా. కింది నుంచి తీసి ఉంటే బయటికి కుట్టే కనపడదు, అప్పుడు కడుపు స్కానింగ్‌లో సంచి ఉందో లేదో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. ఏం చెప్పారో, మీ బరువు ఎంతో, పోయిన ఏడాది డేట్లు గుర్తున్నవి కింద రాయండి, చూసి చెబుతాను.